రెండు టీ పొడుల మధ్య మారే ఇళ్ల లెక్క: ట్రాన్సిషన్ మాత్రిక, స్థిర స్థితి సంభావ్యతలపై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో డిగ్రీలోనో ఎం.బి.ఎ.లోనో ఆపరేషన్స్ రీసెర్చ్ చదివే విద్యార్థులకు ఈ లెక్క తప్పకుండా ఎదురవుతుంది. రెండు బ్రాండ్లు ఉంటాయి, కొనుగోలుదారులు ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంటారు, చివరికి ఎవరి వాటా ఎంత దగ్గర నిలుస్తుందో చెప్పమంటారు. నాలుగు పంక్తుల్లో జవాబు వచ్చేస్తుంది కాబట్టి చాలామంది దానితో ఆగిపోతారు. ఆ జవాబు ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో అడిగినవారికి ఇచ్చిన సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను కూర్చుకున్నవి. ఏ నిజమైన కంపెనీకీ, ఏ నిజమైన కొట్టుకూ సంబంధించినవి కావు.

ఈ పేజీలో వాడే ఉదాహరణ ఏమిటి?

ఎం.వి.పి. కాలనీలో ఒక కిరాణా కొట్టు ఉందనుకుందాం. నెలవారీ సరుకులు ఖాతా మీద తీసుకువెళ్లే ఇళ్లు 240 ఉన్నాయి. ప్రతి ఇల్లూ నెలకు ఒకసారి టీ పొడి కొంటుంది. కొట్టులో రెండే రకాలు ఉన్నాయి. ఒకటి ఎన్నో ఏళ్లుగా అమ్ముడవుతున్న పచ్చ ప్యాకెట్, రెండోది ఈమధ్యే వచ్చిన ఎర్ర ప్యాకెట్. ఖాతా పుస్తకంలో ప్రతి ఇంటికీ ఒక పేజీ ఉంటుంది, ఆ పేజీలో నెల నెలా టీ పొడి దగ్గర "ఎ" అనో "ప" అనో ఒక అక్షరం రాసి ఉంటుంది. మనకు కావలసిన సమాచారమంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది.

జూన్‌లో 180 ఇళ్లు పచ్చ ప్యాకెట్, 60 ఇళ్లు ఎర్ర ప్యాకెట్ తీసుకున్నాయి. జూలై పేజీలు తిరగేస్తే, పచ్చ కొన్న 180 ఇళ్లలో 153 మళ్లీ పచ్చే తీసుకున్నాయి, 27 ఎరుపుకు మారాయి. ఎరుపు కొన్న 60 ఇళ్లలో 54 ఎరుపుతోనే ఉన్నాయి, 6 పచ్చకు వెళ్లిపోయాయి.

ఈ అంకెల నుంచి ట్రాన్సిషన్ మాత్రికను ఎలా తయారుచేయాలి?

ఈ నెల ఒక రంగు కొన్న ఇల్లు వచ్చే నెల ఏ రంగు కొనే సంభావ్యత ఎంతో చూపే పట్టికే ట్రాన్సిషన్ మాత్రిక. దానికోసం జూన్‌లో ఏ రంగు కొన్న ఇళ్లను ఆ రంగు కింద విడదీసి, ఆ గుంపులో ఎంత భాగం జూలైలో ఎటు వెళ్లిందో చూడాలి. ఎరుపు గుంపులో 60కి 54 అంటే 0.90 నిలిచింది, 60కి 6 అంటే 0.10 మారింది. పచ్చ గుంపులో 180కి 27 అంటే 0.15 ఎరుపుకు మారింది, 180కి 153 అంటే 0.85 నిలిచింది. ఎరుపును మొదట, పచ్చను తర్వాత పెట్టి రాస్తే మాత్రిక ఇలా ఉంటుంది.

```
P = | 0.90   0.10 |
    | 0.15   0.85 |
```

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. 27 ఇళ్లను మొత్తం 240తో భాగించి 0.1125 అని రాసేవారు ఉన్నారు. అది "జూన్‌లో పచ్చ కొని, జూలైలో ఎరుపు కొన్న ఇళ్లు మొత్తంలో ఎంత" అన్న ప్రశ్నకు జవాబు అవుతుంది గానీ, "పచ్చ కొన్న ఇల్లు ఎరుపుకు మారే సంభావ్యత ఎంత" అన్నదానికి కాదు. మాత్రికకు కావలసింది రెండోది. ప్రతి అడ్డు వరుస మొత్తం సరిగ్గా 1 కావాలి. కాకపోతే భాగించిన సంఖ్య ఎక్కడో తప్పిందని వెంటనే తెలిసిపోతుంది.

అడ్డు వరుస "నుంచి" అనాలా, నిలువు వరుస "నుంచి" అనాలా?

రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి, రెండింటిలో ఏదీ తప్పు కాదు. ఈ పేజీలో అడ్డు వరుస "ఏ రంగు నుంచి", నిలువు వరుస "ఏ రంగుకు" అన్న పద్ధతిని పాటిస్తున్నాను. మన పరీక్షల్లో ఎక్కువగా కనిపించేదీ ఇదే. ఈ పద్ధతిలో వాటాల జాబితాను మాత్రికకు ఎడమ పక్కన పెట్టి గుణించాలి. ప్రశ్నపత్రంలో ఇచ్చిన మాత్రిక ఏ పద్ధతిలో ఉందో అనుమానం వస్తే, అడ్డంగా కూడితే 1 వస్తుందా, నిలువుగా కూడితే 1 వస్తుందా అని చూసుకోవడం ఒక్కటే దారి.

వచ్చే నెల వాటాను ఎలా లెక్కించాలి?

జూలైలో ఎరుపు కొన్నవారు రెండు తోవల్లో వచ్చారు: ఎరుపులోనే నిలిచిన 54 ఇళ్లు, పచ్చ నుంచి వచ్చిన 27 ఇళ్లు. మొత్తం 81, అంటే 240లో 33.75 శాతం. ఆగస్టుకు కూడా ఇదే దారి. ఎరుపులోని 81 ఇళ్లలో 0.90 భాగం, పచ్చలోని 159 ఇళ్లలో 0.15 భాగం కలిపితే 72.9 + 23.85 = 96.75 ఇళ్లు అవుతాయి.

ముప్పావు ఇల్లు ఏమిటని అడిగేవారికి ఒక మాట చెప్పాలి. ఈ లెక్క ఇచ్చేది సగటు అంచనా. నిజమైన ఆగస్టులో 92 రావచ్చు, 101 రావచ్చు. మధ్యలో అంకెను పూర్ణసంఖ్యగా సవరిస్తే ఆ సవరణ తర్వాతి నెలలన్నింటికీ పాకుతుంది కాబట్టి, సవరణ ఏదైనా చివర్లోనే చేయాలి.

ఇలాగే సాగిస్తే ఎర్ర ప్యాకెట్ ఇళ్లు సెప్టెంబరులో సుమారు 109, అక్టోబరులో 117, నవంబరులో 124 అవుతాయి. 240లో సగం 120 కాబట్టి, జూన్‌లో మూడు వంతుల ఇళ్లను చేతిలో పెట్టుకున్న పచ్చ ప్యాకెట్ నవంబరు నాటికి రెండో స్థానానికి పడిపోతుంది. జూన్ అమ్మకాలు మాత్రమే చూసేవారికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. జూన్ నుంచి జూలైకి జరిగిన రాకపోకలు చూసినవారికే తెలుస్తుంది.

స్థిర స్థితి సంభావ్యతలను ఎలా కనుక్కోవాలి?

ఒక నెల వాటాలను మాత్రికతో గుణిస్తే మళ్లీ అవే వాటాలు రావాలి. అలాంటి వాటాలే స్థిర స్థితి సంభావ్యతలు. ఎరుపు వాటాను `x`, పచ్చ వాటాను `y` అనుకుంటే మూడు సమీకరణాలు వస్తాయి.

```
x = 0.90x + 0.15y
y = 0.10x + 0.85y
x + y = 1
```

మొదటి సమీకరణాన్ని సర్దితే 0.10x = 0.15y అవుతుంది. రెండోదాన్ని సర్దినా సరిగ్గా అదే వస్తుంది. ఇది యాదృచ్ఛికం కాదు. ఎరుపును వదిలిన ప్రతి ఇల్లూ పచ్చకే వెళ్లాలి, వేరే చోటు లేదు. కాబట్టి ఎరుపు లెక్క సరిపోతే పచ్చ లెక్క తనంతట తానే సరిపోతుంది. అందుకే మొదటి రెండింటిలో ఒకదాన్ని వదిలేసి మూడోదాన్ని తప్పనిసరిగా వాడాలి. మొదటి రెండింటినే పట్టుకుని సాధించబోయి 0 = 0 దగ్గర ఆగిపోయిన జవాబు పత్రాలను నేను చాలా దిద్దాను.

0.10x = 0.15y నుంచి x, y నిష్పత్తి 15:10, అంటే 3:2. మొత్తం 1 కావాలి కాబట్టి x = 0.60, y = 0.40. ఇళ్లలో చెప్పాలంటే ఎరుపు 144, పచ్చ 96.

రెండు బ్రాండ్లు మాత్రమే ఉన్నప్పుడు దీన్ని ఒక్క పంక్తిలో రాయవచ్చు. ఎరుపును వదిలే సంభావ్యత `a`, పచ్చను వదిలే సంభావ్యత `b` అయితే ఎరుపు వాటా `b/(a+b)`. ఎదుటి బ్రాండును జనం ఎంత వదులుతున్నారన్నది పైన ఉంటుందని గమనించండి. మన వాటాను నిలబెట్టేది మన దగ్గరి నుంచి వెళ్లే సంభావ్యతకూ, అవతలి నుంచి వచ్చే సంభావ్యతకూ మధ్య ఉన్న నిష్పత్తే.

నాకు సగం సగం వచ్చింది. ఎక్కడ తప్పు చేశాను?

వాటాలను మాత్రికకు కుడి పక్కన పెట్టి గుణించి ఉంటారు. అప్పుడు మొదటి సమీకరణం x = 0.90x + 0.10y అవుతుంది, దాని నుంచి x = y వస్తుంది, మొత్తం 1 కాబట్టి 0.50, 0.50 అని తేలుతుంది. అడ్డు వరుసల మొత్తం 1 అయిన ఏ మాత్రికను తీసుకుని ఈ తప్పు చేసినా జవాబు సగం సగమే వస్తుంది, మాత్రికలోని అంకెలతో సంబంధమే ఉండదు. `a`, `b` సమానం కానప్పుడు సగం సగం వచ్చిందంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు, నిలువు వరుసను తీసుకోవలసిన చోట అడ్డు వరుసను తీసుకున్నారని అర్థం.

స్థిర స్థితి వచ్చాక ఇళ్లు మారడం మానేస్తాయా?

మానవు. "స్థిర" అన్న మాట వల్ల ఈ అపోహ కలుగుతోంది. స్థిరంగా ఉండేది వాటా మాత్రమే. ఇళ్లు ఎప్పటిలాగే మారుతుంటాయి. ఎరుపులోని 144 ఇళ్లలో నెలకు 0.10 భాగం, అంటే సగటున 14.4 ఇళ్లు పచ్చకు వెళ్తాయి. పచ్చలోని 96 ఇళ్లలో 0.15 భాగం, అంటే అదే 14.4 ఇళ్లు ఎరుపుకు వస్తాయి. వచ్చినన్ని ఇళ్లు పోతున్నాయి కాబట్టి మొత్తం కదలదు. అడుగున ఉన్న కుళాయి ఎంత నీరు వదులుతుందో అంతే నీరు పై గొట్టం నుంచి పడుతున్న తొట్టిలో మట్టం ఎలా కదలదో ఇదీ అంతే.

దీన్నే ఒక ఇంటి వైపు నుంచి చూస్తే ఇంకా తేటపడుతుంది. నెలకు 0.10 సంభావ్యతతో ఎరుపును వదిలే ఇల్లు సగటున 10 నెలలు ఎరుపుతో ఉంటుంది. 0.15 సంభావ్యతతో పచ్చను వదిలే ఇల్లు సగటున 6.67 నెలలు పచ్చతో ఉంటుంది. ఒక విడత ఎరుపు, ఒక విడత పచ్చ కలిపి 16.67 నెలలు, అందులో ఎరుపు 10 నెలలు. 10ని 16.67తో భాగిస్తే మళ్లీ 0.60. సమీకరణాలు సాధించకుండానే ఈ దారిలో జవాబు సరిచూసుకోవచ్చు.

మొదటి వాటా ఎంత ఉన్నా చివరికి 60 శాతమేనా? అక్కడికి చేరడానికి ఎంతకాలం పడుతుంది?

మాత్రిక మారనంతవరకు చివరి వాటాపై మొదటి వాటా ప్రభావం ఉండదు. ఎర్ర ప్యాకెట్ ఒక్క ఇంటితో మొదలైనా, 240 ఇళ్లతో మొదలైనా 144 వైపే నడుస్తుంది. మొదటి వాటా నిర్ణయించేది ఇంకా ఎంత దూరం నడవాలన్నదే.

నడక వేగాన్ని `1 - a - b` నిర్ణయిస్తుంది. ఇక్కడ అది 1 − 0.10 − 0.15 = 0.75. చివరి వాటాకు ఉన్న దూరం ప్రతి నెలా 0.75 వంతుకు తగ్గుతుంది. జూన్‌లో ఎరుపు 25 శాతం, చేరవలసింది 60 శాతం, కాబట్టి దూరం 35. జూలైలో అది 26.25కు, ఆగస్టులో సుమారు 19.7కు తగ్గుతుంది. దూరం సగం కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. ఏడాది తిరిగి మళ్లీ జూన్ వచ్చేసరికి ఎరుపు సుమారు 141 ఇళ్ల దగ్గర ఉంటుంది, చేరవలసిన 144కు ఇంచుమించు చేరినట్లే.

జనం సులువుగా మారే సరుకుల్లో `a`, `b` పెద్దవి, దూరం త్వరగా తరుగుతుంది. వంటగ్యాస్ పొయ్యి లాంటి వస్తువును ఏళ్లకు గానీ మార్చరు కాబట్టి అక్కడ స్థిర స్థితి లెక్క కాగితం మీద సరైనదే అయినా, దాన్ని చేరేలోపు బజారే మారిపోతుంది.

స్థిర స్థితి ఎప్పుడూ ఉంటుందా?

రెండు బ్రాండ్ల లెక్కలో రెండు విపరీత సందర్భాల్లోనే ఇబ్బంది. `a`, `b` రెండూ 0 అయితే ఎవరూ మారరు, మొదటి వాటాయే శాశ్వతంగా ఉంటుంది. రెండూ 1 అయితే అందరూ ప్రతి నెలా మారుతారు, వాటాలు లోలకంలా అటూ ఇటూ ఊగుతుంటాయి గానీ సగం సగంతో మొదలైతే తప్ప ఎక్కడా నిలవవు. నిజమైన అమ్మకాల్లో ఈ రెండూ కనిపించవు.

ఈ లెక్కను మార్కోవ్ బ్రాండ్ల కోసమే కనిపెట్టారా?

కాదు. వచ్చే నెల కొనేది ఈ నెల కొన్నదాని మీదే ఆధారపడే మన లెక్క లాంటి వరుసలను మార్కోవ్ గొలుసులు అంటారు. రష్యన్ గణితవేత్త ఆంద్రేయ్ మార్కోవ్ 1906లో ఈ గొలుసుల గురించి మొదటి వ్యాసం ప్రకటించారు. 1913లో ఆయన పుష్కిన్ రాసిన ఒక కావ్యం నుంచి మొదటి 20,000 అక్షరాలను తీసుకుని, ఒక్కొక్కటి అచ్చా హల్లా అని చేత్తో లెక్కపెట్టారు. అచ్చు తర్వాత మళ్లీ అచ్చు వచ్చే సంభావ్యత 0.128, హల్లు తర్వాత అచ్చు వచ్చే సంభావ్యత 0.663 అని తేలింది. అచ్చును ఎర్ర ప్యాకెట్‌గా, హల్లును పచ్చ ప్యాకెట్‌గా అనుకుంటే అది మన లెక్కే: అచ్చును వదిలే సంభావ్యత 0.872, హల్లును వదిలే సంభావ్యత 0.663. మన సూత్రం ప్రకారం అచ్చుల వాటా 0.663ను 1.535తో భాగిస్తే వచ్చే 0.432. ఆయన నేరుగా లెక్కపెట్టిన అచ్చులు 8,638, అంటే 20,000లో 0.432. ఈ రెండు అంకెలూ కలవడం చూసినప్పుడల్లా నాకు ఎంతో సంతోషం కలుగుతుంది; సూత్రం నేర్చుకున్న రోజే విద్యార్థులతో దీన్ని చేయిస్తుంటాను.

పచ్చ ప్యాకెట్ వారు ఏం చేస్తే మేలు: ఉన్నవారిని నిలుపుకోవడమా, పోయినవారిని తిరిగి తెచ్చుకోవడమా?

నిలుపుకోవడం అంటే `b`ని తగ్గించడం. దాన్ని 0.15 నుంచి 0.10కు తెచ్చారనుకుందాం, అప్పుడు ఎరుపు వాటా 0.10ని 0.20తో భాగించగా 0.50. తిరిగి తెచ్చుకోవడం అంటే `a`ని పెంచడం. దాన్ని 0.10 నుంచి 0.15కు తెచ్చారనుకుందాం, ఎరుపు వాటా 0.15ను 0.30తో భాగించగా మళ్లీ 0.50. చివరి జవాబు ఒక్కటే కాబట్టి రెండూ సమానమని పరీక్షలో రాసేస్తారు.

కానీ దారి ఒక్కటి కాదు. జూన్‌లో పచ్చ దగ్గర 180 ఇళ్లు ఉన్నాయి, వారిలో 0.05 భాగాన్ని ఆపితే మొదటి నెలలోనే 9 ఇళ్లు మిగులుతాయి. ఎరుపు దగ్గర ఉన్నవి 60 ఇళ్లే, వారిలో 0.05 భాగాన్ని అదనంగా తెచ్చుకుంటే వచ్చేవి 3 ఇళ్లు. ఆరు నెలల తర్వాత, అంటే డిసెంబరులో, మొదటి మార్గంలో ఎరుపు సుమారు 104 ఇళ్ల దగ్గర ఉంటుంది, రెండో మార్గంలో సుమారు 113 దగ్గర ఉంటుంది. పెద్ద వాటా ఉన్న బ్రాండుకు నిలుపుకోవడమే ముందు పనికి వస్తుంది. చివరి వాటాను మాత్రమే చూసి నిర్ణయం తీసుకుంటే, మధ్యలో ప్రతి నెలా పోగొట్టుకునే అమ్మకాలు లెక్కలోకి రావు.

60 శాతం అన్న జవాబును ఎంతవరకు నమ్మవచ్చు?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు. నా దృష్టిలో ఇది అన్నింటికంటే ముఖ్యమైనది.

0.10 అన్న సంభావ్యత ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎరుపును వదిలిన ఇళ్లు ఆరు. ఆరే. జూలైలో ఆ ఆరింటికి మరో రెండు ఇళ్లు తోడై ఉంటే, ఉదాహరణకు కొట్టులో ఎర్ర ప్యాకెట్లు ఒక రోజు అయిపోయి ఆ రోజు వచ్చిన రెండు ఇళ్లు పచ్చ పట్టుకెళ్లి ఉంటే, `a` 60కి 8, అంటే 0.133 అయ్యేది. అప్పుడు ఎరుపు చివరి వాటా 0.15ను 0.283తో భాగించగా 53 శాతం. అలాకాక రెండు ఇళ్లు తక్కువగా, నాలుగే వదిలి ఉంటే `a` 0.067, చివరి వాటా 69 శాతం. నాలుగు ఇళ్ల తేడాకు చివరి జవాబు 53 నుంచి 69 వరకు ఊగింది. మొత్తం 240 ఇళ్ల పుస్తకం చూసి తీసిన లెక్క కదా అని మనం ధీమాగా ఉంటాం గానీ, నిజానికి ఆ జవాబు ఆరు ఇళ్ల మీద నిలబడి ఉంది.

దీనికి కారణం సూత్రంలోనే ఉంది. స్థిర స్థితి వాటా రెండు చిన్న సంభావ్యతల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. నిలిచి ఉండే సంభావ్యత 0.90 బదులు 0.87 అయితే పెద్ద తేడాగా కనిపించదు. కానీ వదిలే సంభావ్యత 0.10 నుంచి 0.13 అయిందంటే దాదాపు మూడో వంతు పెరిగినట్లు. కాబట్టి మాత్రిక కర్ణం మీద ఉన్న పెద్ద అంకెలను చూసి మురిసిపోకుండా, పక్కనున్న చిన్న అంకెలు ఎన్ని ఇళ్ల నుంచి వచ్చాయో చూడాలి.

సంఖ్యాశాస్త్రంలో ప్రామాణిక దోషం అనేది దీన్నే కొలుస్తుంది. 60 ఇళ్లలో 0.10కి అది సుమారు 0.039. దానికి రెండు రెట్లు అటూ ఇటూ తీసుకుంటే, అసలు `a` ఇంచుమించు 0.02 నుంచి 0.18 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఒకే ఒక్క జత నెలల మీద ఆధారపడకుండా, ఆరేడు నెలల మార్పులను కలిపి లెక్కిస్తే ఈ వెడల్పు తగ్గుతుంది. జూన్–జూలై, జూలై–ఆగస్టు, ఇలా ప్రతి జతలోనూ ఎరుపును వదిలిన ఇళ్లన్నింటినీ కూడి, ఆయా జతల మొదటి నెలలో ఎరుపు కొన్న ఇళ్ల మొత్తంతో భాగించాలి. నెలవారీ సంభావ్యతలను విడివిడిగా తీసి వాటికి సగటు కట్టడం సరికాదు, ఎందుకంటే 60 ఇళ్ల నెలకూ 120 ఇళ్ల నెలకూ సమానమైన బరువు ఇచ్చినట్లవుతుంది.

కొన్ని ఇళ్లు ఎప్పటికీ బ్రాండు మార్చవు కదా? అప్పుడు ఈ లెక్క చెల్లుతుందా?

చెల్లదు. నిజమైన ఖాతా పుస్తకాల్లో మార్కోవ్ లెక్క తప్పడానికి నేను చూసినంతలో ప్రధాన కారణం ఇదే. ఒకే పచ్చ ప్యాకెట్‌ను ఇరవై ఏళ్లుగా తాగుతూ, వేరే పొడి వాసనకే మొహం తిప్పుకునే ఇళ్లు మన వీధిలోనే ఉంటాయి. మన మాత్రిక మాత్రం పచ్చ కొన్న ప్రతి ఇల్లూ నెలకు 0.15 సంభావ్యతతో మారుతుందని అందరినీ ఒకే గాటన కడుతుంది.

తేడా ఎంత పెద్దదో చూద్దాం. జూన్‌లో పచ్చ కొన్న 180 ఇళ్లలో 90 ఎప్పటికీ మారనివి అనుకుందాం. అప్పుడు జూలైలో మారిన 27 ఇళ్లూ మిగతా 90లో నుంచే వచ్చాయి, వారు మారే సంభావ్యత 0.30. ఎరుపు కొన్న 60లో 30 ఎప్పటికీ మారనివి; మారిన 6 మిగతా 30లో నుంచి వచ్చాయి, సంభావ్యత 0.20. జూన్, జూలై పేజీల్లో కనిపించే అంకెలు అక్షరం తేడా లేకుండా మునుపటివే. కానీ ఇప్పుడు మారే ఇళ్లు 120 మాత్రమే. వాటిలో ఎరుపు చివరి వాటా 0.30ని 0.50తో భాగించగా 0.60, అంటే 72 ఇళ్లు. ఎప్పటికీ ఎరుపే కొనే 30 కలిపితే 102. ముందు 144 అని చెప్పిన చోట ఇప్పుడు 102 వచ్చింది. ఎరుపు సగం కూడా దాటలేదు. ఒకే సమాచారం నుంచి రెండు వ్యతిరేకమైన నిర్ణయాలు వెలువడ్డాయి.

రెండింటిలో ఏది నిజమో ఒక్క జత నెలలతో చెప్పలేం. ఇంకా కొన్ని నెలలు ఆగి పుస్తకం చూడాలి. జూన్‌లో పచ్చ కొన్న ఆ 180 ఇళ్లనే పట్టుకుని, మధ్యలో ఎటు మారి వచ్చినా సరే, డిసెంబరులో ఎన్ని పచ్చ కొన్నాయో లెక్కపెట్టండి. అన్ని ఇళ్లూ ఒకేలా మారితే ఆ సంఖ్య 91 దగ్గర ఉండాలి. పైన చెప్పినట్లు సగం ఇళ్లు మారనివైతే 127 దగ్గర ఉండాలి. ఈ తేడాను ఎవరైనా గుర్తుపట్టగలరు. ఆగస్టులోనే చూడాలని తొందరపడితే ఉపయోగం ఉండదు, ఎందుకంటే అప్పటికి రెండు అంచనాలు 133, 140 చొప్పున పక్కపక్కనే ఉంటాయి. ఆరేడు ఇళ్ల తేడా కాకతాళీయంగానూ రావచ్చు.

మారేవారినీ మారనివారినీ వేరుచేసే ఈ నమూనాను బ్లూమెన్, కోగన్, మెకార్తీ 1955లో ప్రతిపాదించారు. వారు చూసింది సరుకులు కాదు, కార్మికులు ఒక పరిశ్రమ నుంచి మరో పరిశ్రమకు మారే తీరు. మార్కోవ్ లెక్క చెప్పినదానికంటే ఎక్కువమంది పాత చోటే ఉండిపోవడం గమనించి వారు ఈ దారి పట్టారు. మీ పుస్తకంలోనూ కొన్ని నెలల తర్వాత పాత రంగులోనే ఉన్న ఇళ్లు లెక్కకు మించి కనిపిస్తే, అది ఇదే లక్షణం.

ఏ నెలల సమాచారం తీసుకోవాలి?

మాత్రిక నెల నెలకూ మారదన్న ఊహ మీద లెక్కంతా నిలబడింది కాబట్టి, ఆ ఊహ చెడే నెలలను వదిలేయడం మంచిది. సంక్రాంతి నెలలో చాలా ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంత ఊళ్లకు వెళ్లి, టీ పొడి అక్కడే కొనుక్కుంటాయి. వేసవి సెలవుల్లోనూ అంతే. ఎర్ర ప్యాకెట్‌తో గ్లాసు ఉచితంగా ఇచ్చిన నెలలో మారిన ఇళ్లు గ్లాసు కోసం మారాయి. ఆ నెల అంకెలతో కట్టిన మాత్రిక ప్రతి నెలా గ్లాసు ఇస్తారని అనుకుంటుంది.

ఇక ఒక నెల కొననే కొనని ఇళ్లను ఏం చేయాలన్నది వేరే చిక్కు. విశాఖలో నౌకాదళం, రేవు, ఉక్కు కర్మాగారం ఉద్యోగుల ఇళ్లు బదిలీల మీద ఖాళీ అవుతుంటాయి, కొత్తవారు దిగుతుంటారు. ఆ ఇళ్లను పచ్చ కిందో ఎరుపు కిందో వేయకూడదు. రెండు నెలలూ కొన్న ఇళ్లనే మాత్రికలోకి తీసుకోవడం సులువైన పద్ధతి. బయటికి పోయేవారు, లోపలికి వచ్చేవారు ఎక్కువగా ఉంటే "కొనలేదు" అన్న మూడో స్థితిని చేర్చుకోవాలి. అప్పుడు మాత్రిక మూడు అడ్డు వరుసలది అవుతుంది, పద్ధతి మాత్రం అదే.

ఎక్సెల్‌లో దీన్ని ఎలా చేయాలి?

మాత్రికను `B2:C3`లో పెట్టండి, ఎరుపు అడ్డు వరుస పైన ఉండాలి. జూన్ వాటాలు 0.25, 0.75ను `B6`, `C6`లో రాయండి. తర్వాత `B7`లో ఈ సూత్రం వేసి, దాన్ని `C7`కు, ఆపైన రెండింటినీ కలిపి కిందికి లాగండి.

```
=$B6*B$2+$C6*B$3
```

డాలర్ గుర్తులు ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి. ఒకటి తప్పినా వాటాల మొత్తం 1 నుంచి జరిగిపోతుంది. అందుకే `D7`లో `=B7+C7` అని వేసి, దాన్నీ కిందికి లాగి ఉంచుకుంటే తప్పు వెంటనే బయటపడుతుంది. `B7`లో 0.3375 వచ్చి, `B18`లో సుమారు 0.589 వస్తే అంతా సరిగ్గా ఉన్నట్లు.

కొట్టు యజమాని ఈరోజు నుంచి ఏం రాసుకుంటే ఈ లెక్క కుదురుతుంది?

నెలాఖరున ఎన్ని ఎర్ర ప్యాకెట్లు, ఎన్ని పచ్చ ప్యాకెట్లు అమ్ముడయ్యాయో రాసుకుంటే సరిపోదు. ఆ మొత్తాలు 60 నుంచి 81కి పెరిగాయని తెలుపుతాయి గానీ, 27 వచ్చి 6 పోయాయో, 40 వచ్చి 19 పోయాయో తెలుపవు. రెండు సందర్భాల్లోనూ పెరుగుదల 21 ఇళ్లే, స్థిర స్థితులు మాత్రం పూర్తిగా వేరు: మొదటిదానిలో ఎరుపు 60 శాతం దగ్గర నిలుస్తుంది, రెండోదానిలో సుమారు 41 శాతం దాటదు. కావలసింది ఇంటివారీ వరుస. ఒక పెద్ద కాగితం మీద ఇంటికి ఒక అడ్డు వరుస, నెలకు ఒక నిలువు గడి గీసి, కొన్న రోజునే "ఎ" లేదా "ప" వేయాలి. కొనని నెల గడిని ఖాళీగా వదలకుండా ఒక గీత గీయాలి, లేకపోతే కొనలేదో రాయడం మరిచారో తర్వాత తెలియదు. కొట్టులో ఒక రంగు అయిపోయిన రోజున వేసిన అక్షరం చుట్టూ సున్నా చుట్టాలి. ఆ ఇల్లు ఇష్టపడి మారిందా, దొరక్క మారిందా అన్నది ఆ సున్నా ఒక్కటే చెప్పగలదు.